వేలు లేని తాకిడి

టేబుల్ మీద పెట్టిన ఫోన్‌లో దానంతట అదే వాట్సాప్ తెరుచుకుంటుంది. ఎవరికో సగం మెసేజ్ టైపవుతుంది. చూస్తూండగానే వీడియో కాల్ వెళ్ళిపోతుంది. ఆపుదామని వేలు పెడితే మన వేలిని పట్టించుకోదు, కనిపించని వేలి మాటే వింటుంది. రిపేర్ షాపుల్లో దీన్ని ఆటో టచ్ అంటారు, కొందరు గోస్ట్ టచ్ అంటారు. పేరేదైనా బాధ ఒకటే. జేబులో ఉన్న ఫోన్ తప్పు పిన్ వరసగా కొట్టుకుని తాళం పడిపోవడం దగ్గర్నుంచి, అర్ధరాత్రి ఆఫీసు గ్రూపులోకి అర్థంలేని అక్షరాలు వెళ్ళడం వరకూ అన్నీ జరుగుతాయి.

ఈ ఫోన్ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళినా రెండు సలహాల్లో ఒకటి వస్తుంది. తెలిసినవాళ్ళు ఫార్మాట్ కొట్టమంటారు. షాపువాళ్ళు డిస్‌ప్లే మార్చాలంటారు. మొదటి దాంతో ఫొటోలు పోవచ్చు, రెండో దాంతో వేలల్లో డబ్బు పోవచ్చు. రెండూ మందు చెప్పడమే గానీ నాడి చూడటం కాదు. నాడి చూసే పద్ధతులు ఉన్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. అయితే ఏ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియాలంటే ముందుగా ఒక తాకిడి వేలి నుంచి యాప్ దాకా ఎలా ప్రయాణం చేస్తుందో చూడాలి.

ఫోన్ గాజు కింద కంటికి కనపడని వాహకాల వల ఉంటుంది. చాలా ఫోన్లలో అది ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పదార్థంతో చేసిన సన్నని పట్టీలు: కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా. ఒక వరస పట్టీల్లోకి విద్యుత్ స్పందనలు పంపుతారు, రెండో వరస పట్టీలు వాటిని వింటాయి. రెండూ ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా ఒక బుల్లి కెపాసిటర్ ఏర్పడుతుంది. దాని విలువ సుమారుగా ఒక పికోఫారడ్, అంటే ఫారడ్‌లో లక్షకోట్లవ వంతు. వేలు దగ్గరికి వస్తే ఆ రెండు పట్టీల మధ్య ఉన్న విద్యుత్ క్షేత్రంలో కొంత వేలిలోకి మళ్ళుతుంది. వినే పట్టీకి చేరేది కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గుదల ఉన్నదాంట్లో పదో వంతు స్థాయిలోనే ఉంటుంది. ఈ పట్టీలన్నీ సన్నని ఫ్లెక్స్ స్ట్రిప్ మీదుగా ఒక టచ్ ఐసీకి చేరతాయి. ఆ చిప్ సెకనుకు అరవై నుంచి నూటఇరవై సార్లు, కొన్ని ఫోన్లలో అంతకంటే ఎక్కువసార్లు, మొత్తం వలను చదువుతుంది. ఏ కూడలిలోనైనా తగ్గుదల ఒక గీత దాటితే అక్కడ వేలు ఉందని తీర్పు చెబుతుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఆ తీర్పు అన్న మాటే. చిప్ వేలిని చూడలేదు. ఒక సంఖ్య గీత దాటిందని మాత్రమే చూసింది. ఆ సంఖ్యను గీత దాటించగలిగిన ప్రతిదీ దాని లెక్కలో వేలే.

పైగా ఆ సంఖ్యను పోల్చడానికి ఖాళీగా ఉన్నప్పటి విలువ ఎంతో చిప్‌కి తెలిసి ఉండాలి. ఎండలో ఫోన్ వేడెక్కినా, గాలిలో తేమ పెరిగినా ఆ విలువ మారుతుంది కాబట్టి చిప్ దాన్ని ఎప్పటికప్పుడు సవరించుకుంటూ ఉంటుంది. కిరాణా కొట్లో కాటా మీద గిన్నె పెట్టి సున్నా నొక్కితే గిన్నె బరువు లెక్కలోంచి పోతుంది కదా, అలాంటిదే. సున్నా నొక్కే సమయంలో గిన్నెలో ఏదో మిగిలిపోయి ఉంటే ఆ తర్వాత తూచినవన్నీ తప్పే. స్క్రీన్ మీద తడి చెయ్యి ఉన్నప్పుడు చిప్ సున్నా పెట్టుకుంటే, చెయ్యి తీశాక ఆ చోట లెక్క తారుమారవుతుంది. స్క్రీన్ ఆపి మళ్ళీ వేస్తే చాలా ఫోన్లలో చిప్ కొత్తగా సున్నా పెట్టుకుంటుంది. అందుకే "లాక్ చేసి తీస్తే కాసేపు బాగుంటోంది" అని చాలామంది చెబుతారు. అలా బాగుపడింది కాబట్టి సాఫ్ట్‌వేర్ లోపమే అనుకోవడం తొందరపాటు. వేడికి విలువలు జరిగిపోయే దెబ్బతిన్న ప్యానెల్ కూడా సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది.

చిప్ చెప్పిన తీర్పు అక్కడినుంచి ఫోన్ కెర్నెల్‌లో ఉండే డ్రైవర్‌కి, దాన్నుంచి ఆండ్రాయిడ్ వ్యవస్థకి, చివరికి తెర మీదున్న యాప్‌కి అందుతుంది. వల, ఫ్లెక్స్, చిప్, ఆ చిప్‌లోనే ఉండే సొంత ప్రోగ్రాం, డ్రైవర్, ఆండ్రాయిడ్, యాప్: దొంగ తాకిడి వీటిలో ఎక్కడైనా పుట్టవచ్చు. కాబట్టి ప్రశ్నను సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా అని వేసుకోవడం కంటే ఈ దారిలో ఏ మజిలీలో పుట్టింది అని వేసుకోవడం మేలు. దారిని ఒకచోట అడ్డగించి, దొంగ తాకిడి దానికి ఇవతల కనిపిస్తోందా, అవతల కనిపిస్తోందా అని చూసేదే మంచి పరీక్ష.

మొదట దాన్ని కంటికి కనిపించేలా చేసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి About phone కింద Build number మీద ఏడుసార్లు తట్టితే Developer options తెరుచుకుంటాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ పేర్లు కొద్దిగా మారతాయి. ఆ జాబితాలో Pointer location అనేది ఆన్ చేస్తే, స్క్రీన్ మీద ఎక్కడ తాకిడి నమోదైనా అక్కడ నిలువు గీత ఒకటి, అడ్డగీత ఒకటి కలుసుకుంటాయి. పైన సన్నని పట్టీలో X, Y విలువలు మారుతూ కనిపిస్తాయి. ఇక ఫోన్‌ని ముట్టుకోకుండా టేబుల్ మీద పెట్టి చూడాలి. ఫోన్ మరీ అల్లరి చేస్తూ సెట్టింగ్స్ దాకా వెళ్ళనివ్వకపోతే ఓటీజీ ద్వారా మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలిస్తే చాలు, బాణం గుర్తు వస్తుంది. ముఖ్యమైన ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసుకోవలసింది కూడా ఈ మౌస్‌తోనే, ఈ దశలోనే.

గీతలు ఎక్కడ పడుతున్నాయో చూశాక చేయవలసిన పరీక్ష అన్నిటికంటే తేలికైనది, ఎందుకో షాపుల్లో ఎవరూ చేయనిది. ఆటో రొటేట్ ఆన్ చేసి ఫోన్‌ని అడ్డంగా తిప్పండి. తెర మీది బొమ్మ తిరుగుతుంది, గాజు తిరగదు. దొంగ తాకిడి ఇంతకుముందు కుడి అంచున పడుతోందనుకుందాం. తిప్పాక కూడా అదే గాజు అంచున, అంటే ఇప్పుడు పైకో కిందికో వచ్చిన ఆ అంచునే పడుతుంటే, అది ప్యానెల్‌కో దాని తీగలకో అంటుకున్న జబ్బు. అలా కాకుండా బొమ్మతోపాటు తిరిగి కొత్త కుడి అంచుకి వస్తే, తెర మీది స్థానాన్ని లెక్కపెట్టుకునే ప్రోగ్రాం ఏదో దాన్ని కొడుతోందన్నమాట. యాప్‌కి కుడి అంటే బొమ్మకి కుడి. తీగకి కుడి, ఎడమ తెలియవు.

తెర అంతా ఒక పద్ధతి లేకుండా పడుతుంటే మాత్రం ఈ పరీక్ష ఏమీ తేల్చదు. అప్పుడు ముందుగా అనుమానించవలసింది ఫోన్‌ని కాదు, చార్జర్‌ని.

చార్జర్ సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే బాగున్న డిస్‌ప్లేలు అనవసరంగా మారేది ఎక్కువగా ఇక్కడే. గోడ సాకెట్లో 230 వోల్టుల కరెంటును చార్జర్ ముందుగా డీసీగా మార్చి, దాన్ని సెకనుకు వేలు, లక్షల సార్లు తెంచి కలుపుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టలూ ఒకదానికొకటి తగలవు గానీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఆ తెంచి కలిపే వోల్టేజిలో కొంత అవతలి వైపుకి దూకుతుంది. మంచి చార్జర్‌లో దీన్ని వెనక్కి మళ్ళించడానికి ప్రత్యేకమైన కెపాసిటర్, చుట్టల మధ్య కవచం ఉంటాయి. చవకరకం చార్జర్‌లో ఖర్చు తగ్గించడానికి వాటిని ఎగ్గొడతారు. అప్పుడు ఫోన్‌కి అందే ఐదు వోల్టులు ఐదు వోల్టులుగానే ఉంటాయి, కానీ ఆ రెండు తీగలూ కలిసికట్టుగా భూమితో పోలిస్తే పైకీ కిందికీ ఊగుతుంటాయి. ఈ ఊపు పదుల వోల్టుల దాకా ఉండగలదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే చార్జర్ భేషుగ్గా ఉందని చెబుతుంది, ఎందుకంటే అది కొలిచేది రెండు తీగల మధ్య తేడానే.

ఫోన్ మొత్తం ఊగుతుంటే దానిలో ఉన్న చిప్ కూడా దాంతోపాటే ఊగుతుంది కాబట్టి దానికేమీ తెలియదు. మన వేలు పెట్టగానే కథ మారుతుంది. మన ఒంటికి భూమితో సంబంధం ఉంది, చెప్పులు వేసుకున్నా సరే. ఊగే ఫోన్‌కీ ఊగని వేలికీ మధ్య కరెంటు పారడం మొదలవుతుంది. అది వేలి కింద ఉన్న వినే పట్టీలోకి పోతుంది. పట్టీ పొడవునా ఎన్ని కూడళ్ళు ఉంటే అన్నింటి లెక్కలూ ఆ పట్టీ నుంచే చదవాలి కాబట్టి, వేలు ఒకచోట ఉన్నా అదే గీత మీద ఇంకెక్కడెక్కడో తాకిడులు పుట్టుకొస్తాయి. చిప్ పంపే స్పందనల వేగమూ చార్జర్ ఊగే వేగమూ దగ్గరగా ఉంటే పరిస్థితి మరీ దారుణం. అందుకే చాలా చిప్‌లు గోల ఎక్కువైనప్పుడు తమ వేగం మార్చుకుని తప్పించుకోవడానికి ప్రయత్నిస్తాయి. అన్నిసార్లూ కుదరదు.

దీన్నిబట్టి చార్జర్ గోలకి రెండు ఆనవాళ్ళు చెప్పవచ్చు. సాధారణంగా వేలు ఆనినప్పుడే దొంగ తాకిడులు వస్తాయి, ఎవరూ ముట్టుకోకపోతే ఫోన్ బుద్ధిగా ఉంటుంది. వచ్చినవి కూడా Pointer location గీతల్లో వేలున్న నిలువు గీత మీదో అడ్డగీత మీదో వరసగా పడతాయి. మనం వేలు జరిపితే ఆ వరస కూడా జరుగుతుంది. ప్యానెల్ లోపమైతే మన వేలు ఎక్కడున్నా తన చోటు వదలదు. ఇక నిర్ధారణకి చార్జర్ వైరు పీకి చూడటమే. పీకగానే ఆగిపోయి, పవర్ బ్యాంక్ మీద కూడా రాకపోతే, డిస్‌ప్లే గురించి ఆలోచించడం మానేసి ఫోన్‌తో వచ్చిన చార్జర్ వాడుకోవచ్చు. మరో మాట: చార్జింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్ అంచుల మీద జుమ్మనిపించడం వేరే సంగతి. అది 50 హెర్ట్జ్ లీకేజీ. దాన్నిబట్టి చార్జర్ టచ్‌ని పాడుచేస్తోందని చెప్పలేం.

ఈ బలహీనతను కావాలని వాడుకోవచ్చా అంటే, వాడుకోవచ్చని ప్రయోగశాలల్లో తేలింది. 2022లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం, జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి, ఫోన్‌ని ముట్టుకోకుండా విద్యుదయస్కాంత తరంగాలతో స్క్రీన్ మీద తాకిడులు పుట్టించి చూపించారు. అయితే వాళ్ళ యాంటెన్నా స్క్రీన్‌కి 40 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. బస్సులో పక్క సీటువాడు చేస్తున్నాడేమోనని భయపడనక్కర్లేదు.

చార్జర్ తర్వాత గాజు. టెంపర్ గ్లాస్ తీసి, కవర్ తీసి, ఫోన్ ఆపి మెత్తని పొడి గుడ్డతో తుడిచి చూడాలి. కొత్తగా జిగురు పోసి వేసిన గ్లాస్ అయితే మరీ ముఖ్యం. ఆ జిగురు అంచుల్లోకి, ఇయర్‌పీస్ జాలీలోకి దిగిపోవడం మామూలే. అలాగే ఫోన్‌ని పక్కనుంచి చూసి స్క్రీన్ ఎక్కడైనా ఫ్రేము నుంచి లేచిందేమో, వెనక మూత ఉబ్బిందేమో గమనించండి. ఉబ్బిన బ్యాటరీ కిందినుంచి ప్యానెల్‌ని నొక్కుతూ ఆటో టచ్ పుట్టించగలదు. అలా కనిపిస్తే ఇక్కడితో పరీక్షలు ఆపండి. దాన్ని నొక్కకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. ఆపేసి నేరుగా సర్వీసుకి ఇవ్వడమే.

ఇవన్నీ అయ్యాక కూడా దెయ్యం పోలేదంటే, దారిని సరిగ్గా మధ్యలో అడ్డగించే పరీక్ష ఒకటుంది. దీనికి కంప్యూటర్ కావాలి. Developer options లోనే USB debugging ఆన్ చేసి, కంప్యూటర్‌లో గూగుల్ ఇచ్చే adb అనే ఉచిత పనిముట్టు వేసుకుని, వైరుతో కలిపి ఈ ఆజ్ఞ ఇవ్వాలి:

```
adb shell getevent -lt
```

ఇది కెర్నెల్‌కి చేరిన తాకిడులను చేరినవి చేరినట్టు చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఇంకా వాటి మీద చెయ్యి వేయలేదు. స్క్రీన్ మీద ఒకసారి వేలు పెడితే బిలబిలమంటూ వరసలు వస్తాయి. ప్రతి వరస మొదట్లో ఉండే సమయం, పరికరం పేరు పక్కన పెడితే, వాటిలో మనకి కావలసినవి ఇలాంటివి:

```
EV_ABS  ABS_MT_TRACKING_ID  0000012a
EV_ABS  ABS_MT_POSITION_X   000003c4
EV_ABS  ABS_MT_POSITION_Y   000005a0
EV_ABS  ABS_MT_TRACKING_ID  ffffffff
```

మొదటి వరస కొత్త తాకిడి మొదలైందని, చివరి వరస వేలు లేచిందని చెబుతాయి. మధ్యవి స్థానాలు, పదహారు అంకెల లెక్కలో. 3c4 అంటే మన లెక్కలో 964, 5a0 అంటే 1440. కొన్ని ఫోన్లలో ఇవి స్క్రీన్ పిక్సెళ్ళతో సరిపోతాయి, కొన్నిట్లో వేరే కొలబద్ద ఉంటుంది.

ఇప్పుడు ఇంకో కమాండ్ కిటికీ తెరిచి `adb shell input tap 500 1200` అని కొట్టండి. ఫోన్ నిజంగా ఎవరో తట్టినట్టే స్పందిస్తుంది, కానీ getevent కిటికీలో ఒక్క వరస కూడా రాదు. ఎందుకంటే ఈ తాకిడి కెర్నెల్ కింద నుంచి రాలేదు, ఆండ్రాయిడ్ లోపలే పుట్టింది. ఆటో క్లిక్కర్ యాప్‌లు, Accessibility అనుమతి తీసుకుని తెరను నడిపే యాప్‌లు, దూరం నుంచి ఫోన్‌ని నడిపించే యాప్‌లు తాకిడిని సృష్టించేది కూడా ఈ పై అంతస్తులోనే. తేడా ఇక్కడ తేటతెల్లమవుతుంది. దొంగ తాకిడి పడినప్పుడు getevent లో వరసలు వస్తే అది డ్రైవర్ దగ్గరో, చిప్‌లోనో, ఇంకా కిందనో పుట్టింది. ఏ యాప్‌ని తీసేసినా, ఫోన్‌ని ఫార్మాట్ చేసినా పోదు. వరసలు రాకుండానే ఫోన్ నొక్కుకుంటుంటే ప్యానెల్ నిర్దోషి. డిస్‌ప్లేకి డబ్బు పెట్టడం దండగ.

రెండోది జరిగితే దాన్ని టచ్ సమస్యగా తీసుకుని ఊరుకోకూడదు. ముఖ్యంగా ఆ తాకిడులు ఒక ఉద్దేశంతో, బ్యాంకు యాప్ వైపో మెసేజ్‌ల వైపో వెళ్తుంటే, ఈమధ్య ఏదైనా లింకు నుంచి ఏపీకే ఫైలు వేసుకుని ఉంటే, ఎవరో ఫోన్‌ని నడుపుతున్నారని అనుమానించాలి. వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకుని, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో Accessibility కింద ఏయే యాప్‌లకి అనుమతి ఉందో చూడండి. తెలియని పేరు ఏదున్నా అది అక్కడ ఉండకూడనిదే.

కంప్యూటర్ లేనివాళ్ళు సేఫ్ మోడ్‌ని ఆశ్రయిస్తారు. పవర్ మెనూలో Power off మీద నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వస్తుంది. ఆ స్థితిలో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అక్కడ కూడా దొంగ తాకిడులు పడితే ఆ యాప్‌ల మీద అనుమానం పోయినట్టే, అది గట్టి సాక్ష్యం. పడకపోతే మాత్రం అంత గట్టిది కాదు. ఆటో టచ్ ఆగాగి వచ్చే జబ్బు. సగటున ఇరవై నిమిషాలకోసారి వచ్చేదాన్ని సేఫ్ మోడ్‌లో రెండు నిమిషాలు చూసి లేదంటే ఏం లాభం? సమయంతో పనిలేకుండా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే లోపానికి గణితం చెప్పే లెక్క ఒకటుంది: సగటు విరామానికి మూడు రెట్లు నిశ్శబ్దంగా ఉంటే, అది కేవలం యాదృచ్ఛికం కావడానికి అవకాశం నూటికి సుమారు ఐదు. అంటే ఇరవై నిమిషాల జబ్బుకి కనీసం గంటసేపు కాపలా కాయాలి. చార్జర్ పీకి చూసినా, గ్లాస్ తీసి చూసినా ఈ లెక్కే వర్తిస్తుంది. షాపులో కౌంటర్ మీద ఐదు నిమిషాలు చూసి బాగుందని ఇచ్చిన ఫోన్ ఇంటికొచ్చేసరికి మళ్ళీ మొదలుపెట్టడంలో వింతేమీ లేదు.

ఐఫోన్‌లో ఇలాంటి సేఫ్ మోడ్ లేదు, getevent లేదు. అక్కడ చార్జర్, గాజు, తిప్పి చూడటం వరకే మన చేతిలో ఉన్నవి.

ఇప్పుడు ఒక ఫోన్‌ని మొదటినుంచి చివరిదాకా పరీక్షిద్దాం. రెండేళ్ళ నాటి ఆండ్రాయిడ్, 1080 పిక్సెళ్ళ వెడల్పు, 2400 ఎత్తు. కీబోర్డులో కుడి చివరి అక్షరాలు వాటంతట అవే పడుతున్నాయని ఫిర్యాదు. Pointer location ఆన్ చేసి టేబుల్ మీద పెడితే ఐదు నిమిషాల్లో గీతలు పడ్డాయి. X ప్రతిసారీ 955కీ 975కీ మధ్యే ఉంది, Y మాత్రం 300 నుంచి 2100 దాకా ఎక్కడ పడితే అక్కడ. అంటే కీబోర్డు మీదే కాదు, ఆ నిలువు పట్టీ పొడవునా పడుతున్నాయి. కీబోర్డు దగ్గర అక్షరాలుగా కనిపిస్తున్నాయి కాబట్టి యజమాని కళ్ళకి అవే ఆనాయి. ఫోన్ అడ్డంగా తిప్పినా అదే గాజు పట్టీ. చార్జర్ తగిలించలేదు, ఎవరూ ముట్టుకోలేదు, కాబట్టి చార్జర్ కథ కాదు. టెంపర్ గ్లాస్ తీసి, తుడిచి, గంట చూశాక కూడా అదే. getevent లో వరసలు వస్తున్నాయి. వాటి సమయాలు చూస్తే ఇంకో విషయం తెలిసింది. మనిషి వేలితో చకచకా తట్టినా ఆ తాకిడి సుమారు యాభై మిల్లీసెకన్లకి తక్కువ ఉండదు. ఇక్కడ చాలావాటికి మొదలుకీ చివరకీ మధ్య పది, పదిహేను మిల్లీసెకన్లే ఉన్నాయి. ఒకటో రెండో చదువుల్లో గీత దాటి పడిపోయిన సంఖ్యలవి. చివరగా ఫోన్ కింది కుడి మూలను వేళ్ళ మధ్య మెల్లగా ఒత్తితే తాకిడులు ఒక్కసారిగా పెరిగాయి, వదిలితే తగ్గాయి. ఒక నిలువు పట్టీ, లేదా ఆ పట్టీ ఫ్లెక్స్‌తో కలిసే అతుకు పట్టు వదులుతోంది. దీనికి మందు డిస్‌ప్లే మార్చడమే. ఈమధ్య ఫోన్లలో టచ్ వల డిస్‌ప్లేలోనే కలిసి ఉంటుంది కాబట్టి టచ్ ఒక్కటే మార్చడం కుదరదు. షాపుల్లో కాంబో అనీ ఫోల్డర్ అనీ పిలిచే మొత్తం ముక్కే వేయాలి.

ఒక పట్టీకి కట్టుబడి, ఒత్తిడికి మారుతూ ఉంది కాబట్టే ఇంత ధైర్యంగా చెప్పగలిగాం. అన్ని హార్డ్‌వేర్ లోపాలూ డిస్‌ప్లేలో ఉండవు. 2016లో ఐఫోన్ 6 ప్లస్ ఫోన్లలో పెద్ద సంఖ్యలో ఒక జబ్బు బయటపడింది. స్క్రీన్ పైభాగంలో మినుకుమినుకుమనే బూడిదరంగు పట్టీ, టచ్ పనిచేయకపోవడం, ఒక్కోసారి దానంతట అదే నొక్కుకోవడం. కొత్త స్క్రీన్ వేస్తే కొన్నిసార్లు కొన్నాళ్ళు తగ్గినట్టనిపించి మళ్ళీ వచ్చేది. కారణం స్క్రీన్‌లో లేదు. ఆ మోడల్‌లో టచ్‌ని చూసుకునే రెండు చిప్‌లు లోపలి ప్రధాన బోర్డు మీద ఉన్నాయి. పెద్ద, పల్చని ఫోన్ జేబులో కొద్దికొద్దిగా వంగుతుంటే ఆ చిప్‌ల కింద ఉండే సోల్డర్ బుడిపెలకి సన్నని పగుళ్ళు వచ్చేవి. ఫోన్‌ని కాస్త మెలిపెడితే కాసేపు బాగయ్యేది, ఎందుకంటే పగుళ్ళు తాత్కాలికంగా కలుసుకునేవి. మైక్రోస్కోపు కింద చిప్ తీసి కొత్తది వేసే మరమ్మతు పనివాళ్ళే దీన్ని ముందుగా పట్టుకున్నారు. ఆ ఏడాది నవంబరులో ఆపిల్ 149 డాలర్లకి ప్రత్యేక మరమ్మతు పథకం ప్రకటించింది. ఫోన్ కిందపడి, ఒత్తిడికి గురై పాడయ్యిందన్నది కంపెనీ వాదన.

అదే కంపెనీ రెండేళ్ళకి, 2018 నవంబరులో, కొన్ని ఐఫోన్ X ఫోన్లలో ముట్టుకోకుండానే స్క్రీన్ స్పందిస్తోందని ఒప్పుకుంది. ఈసారి లోపం డిస్‌ప్లే మాడ్యూల్‌లోని ఒక భాగానిది. అందుకని డిస్‌ప్లేలు ఉచితంగా మార్చింది. పైకి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే, లోపం ఉన్న చోటు మాత్రం వేరు.

సాఫ్ట్‌వేర్‌కీ హార్డ్‌వేర్‌కీ మధ్య గీత చెరిగిపోయే చోటు కూడా ఒకటుంది. 2018లో ఐఓఎస్ 11.3 వేసుకున్నాక, బయట షాపుల్లో డిస్‌ప్లే మార్పించుకున్న కొన్ని ఐఫోన్ 8 ఫోన్లలో టచ్ పూర్తిగా ఆగిపోయింది. 11.3.1 తో ఆపిల్ దాన్ని సరిచేసింది. అసలుది కాని ముక్క అంతవరకూ పనిచేసింది, ప్రోగ్రాం మారేసరికి పొసగలేదు. ఆండ్రాయిడ్‌లోనూ టచ్ చిప్ సొంత ప్రోగ్రాం చాలాసార్లు ఫోన్ అప్‌డేట్‌తోపాటే మారుతుంది. తాకిడిగా లెక్కవేసే గీత ఎక్కడ ఉండాలో చెప్పేది అదే కాబట్టి, అప్‌డేట్ మర్నాటి నుంచే ఆటో టచ్ మొదలైతే getevent లో వరసలు వస్తున్నా డిస్‌ప్లే కొనేయకుండా తర్వాతి అప్‌డేట్ కోసం కొన్నాళ్ళు ఆగడం తెలివైన పని. అదే మోడల్ వాడే ఇతరులకి కూడా అప్పుడే మొదలైందేమో కనుక్కోవచ్చు. ఇలాంటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ ఎందుకూ పనికిరాదు. అది మన సమాచారాన్ని తుడుస్తుంది గానీ అప్‌డేట్‌ని వెనక్కి తీసుకెళ్ళదు, టచ్ చిప్‌లోని ప్రోగ్రాంని మార్చదు.

షాపుకి వెళ్ళవలసి వస్తే ఉత్తి చేతులతో వెళ్ళకండి. Pointer location గీతలు పడుతుండగా ఇంకో ఫోన్‌తో ఒక నిమిషం వీడియో తీసుకెళ్ళండి, ఎందుకంటే కౌంటర్ దగ్గర ఈ జబ్బు కనపడదు. చార్జర్ పీకినా వస్తోందని, గ్లాస్ తీసినా వస్తోందని, తిప్పినా ఆ చోటు మారడం లేదని చెప్పండి. డిస్‌ప్లే మార్చాక కూడా తగ్గకపోతే, అంటే లోపం బోర్డు మీదే ఉందని తేలితే, ఆ డిస్‌ప్లే డబ్బు ఎవరు భరించాలో ఫోన్ విప్పకముందే మాట్లాడుకోండి. పాత డిస్‌ప్లే వెనక్కి అడిగి తీసుకోండి.